గీత వాలులో త్వరణం, గీత కింద దూరం

సింగిల్ లైను మీద రైలెక్కిన వాళ్లెవరికైనా ‘క్రాసింగ్’ అన్న మాట తెలిసే ఉంటుంది. ఎవరూ ఎక్కని, ఎవరూ దిగని చిన్న స్టేషన్లో రైలు ఆగిపోతుంది. పదినిమిషాలైనా కదలదు. ఎదురు సీట్లో పెద్దాయన కిటికీలోంచి తొంగిచూసి, “క్రాసింగ్ పడినట్టుంది” అంటాడు. కాసేపటికి అవతలి నుంచి మరో బండి దడదడా దూసుకుపోతుంది, మన బండికి సిగ్నల్ పడుతుంది.

ఆ క్రాసింగ్ ఏ స్టేషన్లో పడాలో తేల్చేది రైల్వే కంట్రోల్ ఆఫీసులో కూర్చునే సెక్షన్ కంట్రోలర్. ఆయన పనంతా ఒక చార్టు మీద నడుస్తుంది. చార్టులో అడ్డంగా గంటలు, నిమిషాలు ఉంటాయి. నిలువుగా ఆ సెక్షన్‌లోని స్టేషన్లు వరసగా ఉంటాయి. ఒక్కో రైలుకు ఒక్కో ఏటవాలు గీత. ఒకప్పుడు వీటిని స్కేలూ పెన్సిలూ పట్టుకుని గీసేవారు, ఇప్పుడు కంప్యూటర్ తెర మీద గీస్తున్నారు. గీతలు మాత్రం అవే. తొమ్మిదో తరగతిలో మొదలై, ఇంటర్ మొదటి సంవత్సరంలో ముదిరి, ఎంట్రన్సు పరీక్షల దాకా వెంటాడే ‘స్థానభ్రంశం-కాలం గ్రాఫ్’ అంటే ఇదే. బండి బయలుదేరిన స్టేషన్ నుంచి ఎంత దూరంలో ఉందన్నది నిలువు అక్షం మీద, టైమెంతన్నది అడ్డ అక్షం మీద.

ఆ చార్టును చదవడం చూడండి. ఇటు నుంచి వెళ్లే బండి గీత పైకి ఎక్కుతుంది, అటు నుంచి వచ్చే బండి గీత కిందికి దిగుతుంది. ఆగిన బండి గీత నేలబారుగా సాగుతుంది, ఎందుకంటే కాలం నడుస్తోంది గానీ బండి నడవడం లేదు. 20 కిలోమీటర్లను ఎక్స్‌ప్రెస్ 15 నిమిషాల్లో దాటితే దాని గీత నిటారుగా లేస్తుంది. అదే దూరానికి గూడ్సు 40 నిమిషాలు తీసుకుంటే దాని గీత బాగా వాలిపోయి ఉంటుంది. మొదటిదాని వేగం గంటకు 80 కిలోమీటర్లు, రెండోదాని వేగం 30. ఎంత దూరం ఎక్కిందో దాన్ని ఎంతసేపట్లో ఎక్కిందో దానితో భాగించాం, అంతే. గణితంలో దీన్నే గీత ‘వాలు’ అంటారు. స్థానభ్రంశం గ్రాఫ్‌లో వాలే వేగం.

రెండు గీతలు ఒకదాన్నొకటి కోసుకుంటే? ఆ నిమిషంలో ఆ రెండు బండ్లూ ఒకే చోట ఉన్నాయన్నమాట. సింగిల్ లైను మీద ఆ కోత రెండు స్టేషన్ల మధ్య పడితే ఘోరం జరిగిపోతుంది. అందుకే కంట్రోలర్ గీతల కోతను స్టేషన్ దగ్గరికి జరుపుతాడు. అక్కడ ఒక బండి గీత నేలబారుగా ఉంటుంది, అది లూప్ లైన్లో నిలబడి ఉంటుంది. రెండోదాని గీత దాన్ని దాటి పోతుంది. మనం కిటికీ దగ్గర కూర్చుని విసుక్కునే పదినిమిషాలు చార్టు మీద ఆ పొట్టి అడ్డగీత.

ఇప్పుడు ఒక ప్రశ్న. గీతలు కోసుకున్న ఆ నిమిషంలో రెండు బండ్ల వేగాలూ సమానమేనా? కంట్రోలర్‌ను అడిగితే ఏం ప్రశ్న ఇది అన్నట్టు చూస్తాడు. ఒకటి నిలబడి ఉంది, ఒకటి పరుగెడుతోంది! కానీ ఇదే ప్రశ్నను వర్క్‌షీట్‌లో A, B అనే రెండు గీతలు గీసి, “వీటి వేగాలు ఎప్పుడు సమానం?” అని అడిగితే చాలామంది పిల్లలు గీతలు కలిసిన చోట వేలు పెడతారు. అమెరికాలో వాషింగ్టన్ విశ్వవిద్యాలయానికి చెందిన లిలియన్ మెక్‌డెర్మాట్, ఆమె సహచరులు చలనం గ్రాఫ్‌ల దగ్గర విద్యార్థులు ఎక్కడ తడబడతారో పరిశీలించి 1987లో ఒక వ్యాసం ప్రచురించారు. అందులో ముందు వరసలో కనిపించే తడబాటు ఇదే: గీత ఎత్తును చూడాల్సిన చోట వాలును, వాలును చూడాల్సిన చోట ఎత్తును చూడటం. కళ్లకు ముందు కనిపించేది ఎత్తు. వాలును చూడాలంటే గీత ఎలా మారుతోందో గమనించాలి. ఈ ఒక్క తేడా మనసుకు ఎక్కితే ఈ పాఠంలో సగం కష్టం తీరిపోతుంది.

నిజమైన అంకెలతో ఒకసారి చూద్దాం. 2009 ఆగస్టులో బెర్లిన్‌లో ఉసేన్ బోల్ట్ 100 మీటర్లను 9.58 సెకన్లలో పరుగెత్తాడు. ఆ పరుగును ప్రతి 20 మీటర్లకూ కొలిచారు. 20 మీటర్ల గీత దాటేసరికి 2.89 సెకన్లు, 40 దగ్గర 4.64, 60 దగ్గర 6.31, 80 దగ్గర 7.92, చివర 9.58. అడ్డంగా సెకన్లు, నిలువుగా మీటర్లు వేసి ఈ చుక్కలు పెట్టి కలపండి. గీత మొదటి నుంచి చివరి దాకా పైకే ఎక్కుతుంది. ఎత్తు మాత్రమే చూసేవాడికి బోల్ట్ చివరి దాకా వేగం పెంచుకుంటూ పోయినట్టే అనిపిస్తుంది.

ఇప్పుడు వాలు చూడండి. మొదటి 20 మీటర్లకు 2.89 సెకన్లు, అంటే సగటున సెకనుకు దాదాపు 6.9 మీటర్లు. నిలబడిన చోటి నుంచి మొదలుపెట్టాడు కదా. తర్వాతి 20కి 1.75 సెకన్లు, అంటే 11.4 మీటర్లు. ఆ తర్వాత 1.67 సెకన్లు, సెకనుకు 12 మీటర్లు. 60 నుంచి 80 వరకు 1.61 సెకన్లు, సెకనుకు 12.4 మీటర్లు. ఇది అన్నింటికన్నా నిటారైన ముక్క. చివరి 20కి 1.66 సెకన్లు, సెకనుకు 12 మీటర్లు. ప్రపంచ రికార్డు పరుగులోనూ ఆఖరి 20 మీటర్లలో బోల్ట్ వేగం తగ్గింది. గీత ఎత్తు ఆ సంగతి చెప్పదు, వాలు చెబుతుంది. తనతో పరుగెత్తిన వాళ్ల కంటే బోల్ట్ చివర్లో వేగం పెంచాడని టీవీ ముందు మనకు అనిపించి ఉంటే, అది మిగతావాళ్లు మరింత నెమ్మదించడం వల్ల.

ఇక అసలు సంగతికి వద్దాం. నిలువు అక్షం మీద స్థానభ్రంశం తీసేసి వేగాన్ని పెడితే అది వేగం-కాలం గ్రాఫ్. వర్క్‌షీట్లలో ఎక్కువ ప్రశ్నలు దీని మీదే వస్తాయి. చూడటానికి గీత అలాగే ఉంటుంది, దాని అర్థమే పూర్తిగా మారిపోతుంది. ఇందులో నేలబారు గీత అంటే ఆగిన బండి కాదు, ఒకే వేగంతో పోతున్న బండి. ఆగిన బండి గీత కింద, సున్నా మీద పడుకుని ఉంటుంది. అందుకే ఏ ప్రశ్న వచ్చినా గీతను చూసే ముందు నిలువు అక్షం పక్కన రాసినది చదవాలి. పిల్లలు పోగొట్టుకునే మార్కుల్లో చాలా భాగం అక్కడే పోతుంది, లెక్క చేయడం రాక కాదు.

ఒక మెట్రో రైలు ఒక స్టేషన్ నుంచి తర్వాతి స్టేషన్‌కు వెళ్లిందనుకోండి. ప్రశ్న ఇలా ఉంటుంది: రైలు నిలబడిన చోటి నుంచి బయలుదేరి 20 సెకన్లలో సెకనుకు 16 మీటర్ల వేగం అందుకుంది. 60వ సెకను వరకు అదే వేగంతో వెళ్లింది. తర్వాత బ్రేకు వేసి 76వ సెకనుకు ఆగింది. బయలుదేరినప్పటి త్వరణం, బ్రేకు వేసినప్పటి త్వరణం, స్టేషన్ల మధ్య దూరం కనుక్కోండి.

గ్రాఫ్ కాగితం మీద అడ్డంగా ఒక్కో గడికి 4 సెకన్లు, నిలువుగా ఒక్కో గడికి సెకనుకు 2 మీటర్లు అని తీసుకుందాం. గీత సున్నా దగ్గర మొదలై అయిదు గడులు పక్కకు జరిగేసరికి ఎనిమిది గడులు ఎక్కుతుంది. అక్కడి నుంచి పది గడులు నేలబారుగా సాగుతుంది. చివరి నాలుగు గడుల్లో ఎనిమిది గడులు దిగి నేలను తాకుతుంది. మొత్తం బొమ్మ ఒక ట్రపీజియం.

త్వరణం అంటే వేగం ఎంత త్వరగా మారుతోందో చెప్పే కొలత. కాబట్టి ఈ గ్రాఫ్‌లో వాలే త్వరణం. మొదటి ముక్కలో వేగం 0 నుంచి 16కి వెళ్లింది, 20 సెకన్లు పట్టింది. 16 ÷ 20 = 0.8. అంటే ప్రతి సెకనుకూ రైలు వేగం సెకనుకు 0.8 మీటర్ల చొప్పున పెరిగింది. ప్రమాణం మీ/సె². ఈ ‘సెకను వర్గం’ ఎక్కడి నుంచి వచ్చిందని పిల్లలు అడుగుతుంటారు. సెకను రెండుసార్లు వచ్చింది: ఒకసారి వేగంలో ఉంది, రెండోసారి ఆ వేగం మారడానికి పట్టిన కాలంగా కింద చేరింది. మధ్య ముక్క నేలబారు, వాలు సున్నా, త్వరణం సున్నా. రైలు ఆగిపోలేదు, వేగం మారలేదంతే. చివరి ముక్కలో వేగం 16 నుంచి సున్నాకి 16 సెకన్లలో పడింది. (0 − 16) ÷ 16 = −1. ఋణ గుర్తును జారవిడవకూడదు, దాని కథ ముందు ఉంది.

దూరం సంగతి? ఇక్కడే చాలా పాఠాలు “వైశాల్యం కడితే దూరం వస్తుంది” అని ఒక ముక్కలో తేల్చేసి ముందుకు పోతాయి. ఎందుకు వస్తుందో చూడకపోతే ఆ మాట పరీక్ష దాకా నిలవదు. మధ్య ముక్కలోని ఒక్క గడిని తీసుకోండి. దాని వెడల్పు 4 సెకన్లు, ఎత్తు సెకనుకు 2 మీటర్లు. సెకనుకు 2 మీటర్ల వేగంతో 4 సెకన్లు పోతే 8 మీటర్లు. కాబట్టి ఈ కాగితం మీద ఒక గడి అంటే 8 మీటర్ల ప్రయాణం. చదరపు సెంటీమీటర్ల మాట మర్చిపోండి. ఇక్కడ వెడల్పు కాలం, ఎత్తు వేగం, రెంటినీ గుణిస్తే సెకను సెకనుతో పోయి మీటరు మిగులుతుంది. ఇక గీత కింద ఎన్ని గడులున్నాయో లెక్కపెట్టడమే మిగిలిన పని.

నేలబారు ముక్క కింద పది గడుల వెడల్పు, ఎనిమిది గడుల ఎత్తు: 80 గడులు, 640 మీటర్లు. మొదటి ముక్క త్రిభుజం, అయిదు ఎనిమిదుల్లో సగం: 20 గడులు, 160 మీటర్లు. చివరి త్రిభుజం నాలుగు ఎనిమిదుల్లో సగం: 16 గడులు, 128 మీటర్లు. మొత్తం 116 గడులు, 928 మీటర్లు. ఫార్ములాతో చేసినా ½ × 20 × 16 + 40 × 16 + ½ × 16 × 16 = 928. జవాబు వచ్చాక ఒక్క క్షణం ఆగి అది నమ్మదగ్గదేనా అని చూసుకోవాలి. రైలు 76 సెకన్లూ గరిష్ఠ వేగంతోనే పోయి ఉంటే 1216 మీటర్లు వెళ్లేది. కాబట్టి జవాబు అంతకంటే తక్కువ ఉండాలి, మధ్య ముక్క 640 కంటే ఎక్కువ ఉండాలి. ఈ రెంటి మధ్య లేని జవాబు ఏదైనా తప్పే.

త్రిభుజం దగ్గర ఆ ‘సగం’ ఎందుకొచ్చిందన్నది మనుషులు చాలా కాలం కిందటే ఆలోచించారు. 14వ శతాబ్దంలో ఫ్రాన్సుకు చెందిన నికోల్ ఒరేమ్ సరిగ్గా ఇలాంటి బొమ్మే గీశాడు. అడ్డగీత మీద కాలం, దాని మీద నిలువు గీతలుగా ఆయా క్షణాల వేగం. సున్నా నుంచి సమానంగా పెరుగుతూ పోయే వేగం త్రిభుజమవుతుంది. ఆ త్రిభుజాన్ని సగం ఎత్తు దగ్గర కోసి, పైముక్కను తిప్పి పక్కన పెడితే దీర్ఘచతురస్రం వస్తుంది. అంటే అంత దూరాన్నీ గరిష్ఠ వేగంలో సగం వేగంతో ఒకే తీరున వెళ్లినా అదే కాలం పడుతుందన్నమాట. మన మెట్రో మొదటి 20 సెకన్లలో 8 మీ/సె చొప్పున వెళ్లి ఉంటే 160 మీటర్లే కదా. గెలీలియో 1638లో అచ్చయిన తన పుస్తకంలో కిందపడే వస్తువుల లెక్క కట్టడానికి ఈ సంగతినే వాడుకున్నాడు.

నా మట్టుకు నాకు ఈ పాఠం ఫార్ములాలతో మొదలుపెట్టకుండా బొమ్మతో మొదలుపెట్టాలనిపిస్తుంది. v = u + at, s = ut + ½at² అని పిల్లలు ముందే బట్టీ పట్టేస్తారు; గ్రాఫ్ తర్వాత వచ్చి వాళ్లకు మరో కొత్త భారంలా తోస్తుంది. నిజానికి ఆ ఫార్ములాలు ఈ బొమ్మలోంచే పుట్టాయి. ఒక బైకు సెకనుకు 6 మీటర్ల వేగంతో పోతూ 4 సెకన్లలో 18 మీటర్లకు చేరిందనుకోండి. గీత 6 దగ్గర మొదలై 18 దాకా ఎక్కుతుంది. వాలు (18 − 6) ÷ 4 = 3. దీన్నే తిప్పి రాస్తే 18 = 6 + 3 × 4, అదే మొదటి ఫార్ములా. గీత కింది వైశాల్యాన్ని రెండు ముక్కలు చేయండి. కింద 6 ఎత్తున్న దీర్ఘచతురస్రం: 6 × 4 = 24. అది ut. దాని మీద 12 ఎత్తున్న త్రిభుజం: ½ × 4 × 12 = 24. ఆ 12 అన్నది at, కాబట్టి త్రిభుజం ½at². మొత్తం 48 మీటర్లు. బొమ్మ గుర్తుంటే ఫార్ములా మర్చిపోయినా నష్టం లేదు.

ఈ బైకు లెక్కలోనే వర్క్‌షీట్లలో తరచూ కనిపించే ఒక తప్పు దాగి ఉంది. వాలు అడిగితే చివరి చుక్కను చూసి 18 ÷ 4 = 4.5 అని రాసేస్తారు. గీత సున్నా నుంచి మొదలైతే ఈ పద్ధతి అనుకోకుండా సరైన జవాబే ఇస్తుంది. మొదటి రెండు లెక్కలూ అలాంటివే ఇవ్వడంతో మూడోదానిలో అలవాటు దెబ్బతీస్తుంది. వాలుకు ఎప్పుడూ రెండు చుక్కలు కావాలి, వాటి మధ్య తేడాలు కావాలి. గీత మీద దూరదూరంగా ఉన్న రెండు చుక్కలు తీసుకుంటే చదవడంలో చిన్న పొరపాటు జరిగినా జవాబు పెద్దగా చెడదు. ఇంకో తప్పు ప్రమాణాలది. నిలువు అక్షం మీద గంటకు కిలోమీటర్లు, అడ్డ అక్షం మీద సెకన్లు పెట్టి ఇచ్చే ప్రశ్నలుంటాయి. అక్కడ గడికి గడి గుణిస్తే వచ్చేది మీటర్లూ కాదు, కిలోమీటర్లూ కాదు. ముందు గంటకు 72 కిలోమీటర్లను సెకనుకు 20 మీటర్లుగా మార్చుకోవాలి. అలాగే నిలువు అక్షం సున్నా నుంచి కాకుండా 10 నుంచి మొదలైతే కాగితం మీద కనిపించే వైశాల్యం మొత్తం వైశాల్యం కాదు. 10 కింద ఉన్న భాగాన్ని కాగితం చూపించలేదు, లెక్కలో మనమే కలుపుకోవాలి.

మళ్లీ మెట్రో దగ్గరికి. దాని వేగం గ్రాఫ్ నుంచి స్థానభ్రంశం గ్రాఫ్ గీయమని అడిగితే ఏం చేయాలి? వైశాల్యాన్ని కొంచెం కొంచెంగా కూడుకుంటూ పోవాలి. 10వ సెకనుకు వేగం 8, అప్పటి త్రిభుజం ½ × 10 × 8 = 40 మీటర్లు. 20వ సెకనుకు 160. 60వ సెకనుకు 800. చివరికి 928. ఈ చుక్కలను కలిపితే మొదట్లో నెమ్మదిగా లేచి అంతకంతకూ నిటారయ్యే వంపు, మధ్యలో తిన్నని ఏటవాలు గీత, చివర్లో వంగుతూ నేలబారయ్యే వంపు. వేగం గ్రాఫ్‌లో పదునుగా ఉన్న మూలలు ఇక్కడ కనిపించవు, ఒక ముక్క మరో ముక్కలోకి నున్నగా కలిసిపోతుంది. స్థానభ్రంశం గ్రాఫ్‌లో పదునైన మూల ఉందంటే వేగం ఒక్క క్షణంలో మారిపోయిందని అర్థం. బరువున్న ఏ బండికీ అది సాధ్యం కాదు. రైల్వే చార్టులో మూలలు పదునుగానే ఉంటాయే అంటే, గంటల లెక్కలో గీసిన ఆ చార్టులో బ్రేకు వేసే అర నిమిషం గీత మందంలోనే కలిసిపోతుంది కాబట్టి.

ఈ వంపు గీత మీద 10వ సెకను దగ్గర వేగం ఎంత అని అడిగితే 40 ÷ 10 = 4 అనడం మామూలు. అది మొదటి పది సెకన్ల సగటు వేగం. ఆ క్షణంలోని వేగం కావాలంటే ఆ చుక్క దగ్గర వంపును తాకుతూ పోయే స్పర్శరేఖ గీసి దాని వాలు చూడాలి. ఇక్కడ ఆ రేఖ వెనక్కి పోయి అడ్డ అక్షాన్ని 5వ సెకను దగ్గర తాకుతుంది. 5 సెకన్లలో 40 మీటర్లు ఎక్కింది కాబట్టి వాలు 8. మొదట గీసిన వేగం గ్రాఫ్‌లో 10వ సెకను దగ్గర ఉన్నది కూడా 8 కదా. ఒక గ్రాఫ్ నుంచి వైశాల్యం కట్టి రెండోదాన్ని గీశాం, రెండోదాని వాలు కొలిస్తే మొదటిది తిరిగి వచ్చింది.

ఇప్పుడు ఋణ గుర్తు కథ. ఒక బంతిని సెకనుకు 20 మీటర్ల వేగంతో నిటారుగా పైకి విసిరామనుకోండి. గురుత్వ త్వరణాన్ని లెక్క సులువుకు 10 మీ/సె²గా, పైకి ధనం, కిందికి ఋణంగా తీసుకుందాం. వేగం గ్రాఫ్ +20 దగ్గర మొదలై ప్రతి సెకనుకూ 10 చొప్పున దిగుతుంది. 2వ సెకను దగ్గర సున్నాను దాటి కిందికి పోయి 4వ సెకనుకు −20 చేరుతుంది. చెయ్యి వదిలిన దగ్గర్నుంచి తిరిగి చేతిలో పడేదాకా మధ్యలో ఎక్కడా విరగని ఒకే తిన్నని గీత.

“పైన ఆగిన క్షణంలో బంతి త్వరణం ఎంత?” అని అడగండి. సున్నా అని చెప్పేవాళ్లే ఎక్కువ. ఆ క్షణంలో సున్నా అయింది వేగం, అంటే గీత ఎత్తు. త్వరణం గీత వాలు. గీత సున్నాను దాటేటప్పుడు వాలు మారిందా? లేదు, అక్కడా −10 మీ/సె²యే. ఒకవేళ అక్కడ త్వరణం నిజంగా సున్నా అయి అలాగే ఉండిపోయి ఉంటే గీత ఆ చోటు నుంచి నేలబారుగా సాగేది, అంటే బంతి గాల్లోనే నిలబడిపోయేది.

ఈ గీతే ఇంకో అపోహనూ తీర్చేస్తుంది. త్వరణం ఋణమైతే వస్తువు నెమ్మదిస్తోందని చాలామంది అనుకుంటారు. మెట్రో బ్రేకు విషయంలో అది నిజమైంది కూడా. బంతి గ్రాఫ్‌లో మొదటి రెండు సెకన్లూ త్వరణం ఋణం, బంతి నెమ్మదించింది. తర్వాతి రెండు సెకన్లూ త్వరణం ఋణమే, కానీ బంతి వడి పెరిగింది. గీత సున్నాకు దగ్గరవుతుంటే వడి తగ్గుతోంది, సున్నా నుంచి దూరమవుతుంటే వడి పెరుగుతోంది. వాలు గుర్తు ఒక్కటే చూసి ఈ సంగతి చెప్పలేం, గీత అక్షానికి ఏ పక్కన ఉందో కూడా చూడాలి.

వైశాల్యం కూడా ఇక్కడ రెండు ముక్కలవుతుంది. అక్షం పైన ఉన్న త్రిభుజం ½ × 2 × 20 = 20 మీటర్లు, అది బంతి పైకి ఎక్కిన ఎత్తు. అక్షం కింద ఉన్నదీ అంతే, కానీ కిందికి వచ్చిన ప్రయాణం కాబట్టి దానికి ఋణ గుర్తు. స్థానభ్రంశం అడిగితే 20 − 20 = 0, బంతి బయలుదేరిన చేతిలోకే వచ్చింది. దూరం అడిగితే గుర్తులు వదిలేసి కూడాలి, 40 మీటర్లు. ప్రశ్నలో ‘దూరం’ అని ఉందా ‘స్థానభ్రంశం’ అని ఉందా అన్నది ఇలాంటి చోటే జవాబును మార్చేస్తుంది. మెట్రో లెక్కలో గీత అక్షం కిందికి దిగలేదు కాబట్టి రెండూ ఒకటే అయ్యాయి.

అదే బంతిని 25 మీటర్ల ఎత్తున్న మేడ అంచున నిలబడి అదే వేగంతో పైకి విసిరి, కింద నేల మీద పడనిస్తే? గీత మారదు. అదే +20 దగ్గర మొదలు, అదే −10 వాలు. 4వ సెకనుకు బంతి చేతి ఎత్తుకు వచ్చేస్తుంది, ఆగదు, 5వ సెకనుకు నేలను తాకుతుంది. అప్పటికి వేగం −30. అక్షం కింది త్రిభుజం ½ × 3 × 30 = 45 మీటర్లు, పైదానిలోని 20 మీటర్లు కలిపి చూస్తే స్థానభ్రంశం 20 − 45 = −25, దూరం 65 మీటర్లు. −25 అన్నది సరిగ్గా మేడ ఎత్తు, లెక్క సరిపోయింది.

కానీ ప్రశ్నలో ‘25 మీటర్ల మేడ’ అన్న మాట కొట్టేసి, గ్రాఫ్ ఒక్కటే ఇచ్చి, బంతి నేల నుంచి ఎంత ఎత్తులో మొదలైందని అడిగితే జవాబు ఉండదు. గీత 5వ సెకను దగ్గర తెగింది కాబట్టి బంతి బయలుదేరిన చోటికి 25 మీటర్ల కింద దేన్నో తాకిందని మాత్రం చెప్పగలం. అది మేడ కింది నేలా, నేల మీద నిలబడి విసిరితే బావి అడుగా అన్నది వేగం గ్రాఫ్‌లో ఉండదు. వైశాల్యం చోటు ఎంత మారిందో చెబుతుంది, మొదట ఎక్కడున్నామో ప్రశ్న రాసినవాళ్లే విడిగా ఇవ్వాలి. అది ఇవ్వకుండా స్థానభ్రంశం గ్రాఫ్ గీయమన్నారంటే, బయలుదేరిన చోటును సున్నాగా తీసుకోమని అర్థం. అలా తీసుకున్నట్టు జవాబు పత్రంలో ఒక ముక్క రాసి మొదలుపెట్టాలి.